డీ-డైమర్ పెరిగింది సరే, గడ్డ ఉన్నట్టేనా?

*డాక్టర్ గారూ, మా అమ్మకు 64 ఏళ్లు. నెల కిందట న్యుమోనియా వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. చేరిన రోజు డీ-డైమర్ 2.4 అన్నారు. ఇప్పుడు బాగానే తిరుగుతోంది. ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు. ఎందుకైనా మంచిదని మొన్న బయట ల్యాబులో నేనే మళ్లీ చేయించాను. 980 వచ్చింది! ఎఫ్‌డీపీ కూడా ఎక్కువే ఉంది. రెండు రిపోర్టులూ జతచేశాను. 2.4 నుంచి 980కి పోయిందంటే ఒంట్లో ఎక్కడో రక్తం గడ్డకట్టినట్టే కదా? సీటీ స్కాన్ చేయించాలా? మా బాబాయి రక్తం పలచబడే మాత్ర వెంటనే మొదలుపెట్టమంటున్నాడు. నెట్‌లో చూస్తే క్యాన్సర్ అని కూడా రాశారు. రెండు రోజులుగా నిద్ర లేదు.*

రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మగారి డీ-డైమర్ పెరగలేదు. మొదటి రిపోర్టులో 2.4 పక్కన చిన్న అక్షరాల్లో ‘మిల్లీగ్రాములు, లీటరుకు, ఎఫ్ఈయూ’ అని ఉంది. రెండో దాంట్లో 980 పక్కన ‘నానోగ్రాములు, మిల్లీలీటరుకు, డీడీయూ’ అని ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము అన్నా, మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములు అన్నా ఒకటే. ఆ లెక్కన మొదటి అంకె 2400 అవుతుంది. ఇక ఆ ఎఫ్ఈయూ, డీడీయూల సంగతి. డీ-డైమర్ అంటే రక్తం గడ్డకట్టించే పోగులు తెగినప్పుడు బయటపడే ప్రొటీన్ ముక్క. డీడీయూ పద్ధతిలో ఆ ముక్క బరువునే చెబుతారు. ఎఫ్ఈయూ పద్ధతిలో ఆ ముక్కకు మూలమైన ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్ బరువు చెబుతారు. ఒకే రక్తానికి ఎఫ్ఈయూ అంకె సుమారు రెట్టింపు ఉంటుంది. అంటే మీ 980 డీడీయూ ఇంచుమించు 1960 ఎఫ్ఈయూ. మీరు చూసి బెదిరిపోయినది 2400 నుంచి 1960కి తగ్గిన అంకెను.

అలాగని తగ్గిందని కూడా నేను గట్టిగా చెప్పను. ఒక్కో కంపెనీ కిట్‌లో ఒక్కో రకం యాంటీబాడీ ఉంటుంది. అవి పట్టుకునే ముక్కలు కూడా అచ్చంగా ఒకటే కావు. ఈ పరీక్షకు అన్ని ల్యాబులకూ ఉమ్మడి కొలబద్ద ఇంకా కుదరలేదు. ఒకే సీసాలోని రక్తాన్ని రెండు చోట్లకు పంపితే, యూనిట్లు సరిచేశాక కూడా తేడా రావచ్చు. అందుకే వేర్వేరు ల్యాబుల డీ-డైమర్లను వరుసగా పేర్చి పెరిగిందీ తగ్గిందీ అనుకోవడం వృథా. ప్రతి రిపోర్టునూ దాని పక్కనే ఉన్న పరిమితితోనే పోల్చాలి. మొదటి ల్యాబు 0.5 లోపు ఉండాలంది, రెండోది 250 లోపు ఉండాలంది. రెండుసార్లూ అమ్మగారిది పరిమితి దాటింది. అక్కడివరకూ నిజం.

దాటితే ఏమైనట్టు అన్నది అర్థం కావాలంటే ఈ ముక్క ఎలా పుడుతుందో తెలియాలి. రక్తంలో ఫైబ్రినోజన్ అనే ప్రొటీన్ కరిగి తిరుగుతూ ఉంటుంది. పొడవాటి అణువు. నడుమ ఒక ముద్ద, రెండు కొసలా రెండు ముద్దలు. నడిమి దాన్ని ‘ఈ’ అనీ, కొసల్లో ఉన్నవాటిని ‘డీ’ అనీ అంటారు. ఎక్కడైనా గడ్డకట్టే ప్రక్రియ మొదలైతే థ్రాంబిన్ అనే ఎంజైము వచ్చి నడిమి ముద్ద దగ్గర చిన్న తునకలు తెంచుతుంది. దాంతో అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి. అదే ఫైబ్రిన్. పోగులో ఒక అణువు కొసనున్న డీ, పక్క అణువు కొసనున్న డీకి ఆనుకుని ఉంటుంది. ఇంకా గట్టిపడలేదు. అప్పుడు ఫ్యాక్టర్ 13 అనే మరో ఎంజైము ఆ రెండు డీలనూ కలిపి కుట్టేస్తుంది.

గడ్డ పని అయిపోయాక దాన్ని కరిగించడం ప్లాస్మిన్ అనే ఎంజైము వంతు. ప్లాస్మిన్ పోగుల్ని డీకీ ఈకీ మధ్య తెంచుతూ పోతుంది. గుడ్డను ఎన్ని పేలికలు చేసినా కుట్టు పడ్డ చోటు విడిపోనట్టు, ఫ్యాక్టర్ 13 కుట్టిన జంట డీలు మాత్రం విడిపోవు. రక్తంలోకి వచ్చిపడే ఆ జంటే డీ-డైమర్.

కాబట్టి డీ-డైమర్ కనిపించిందంటే మూడు పనులు జరిగాయని అర్థం: థ్రాంబిన్ ఫైబ్రిన్‌ను తయారుచేసింది, ఫ్యాక్టర్ 13 కుట్టింది, ప్లాస్మిన్ తెంచింది. ఆ మూడూ ఒంట్లో ఏ మూల జరిగాయో చెప్పడం ఆ ముక్కకు చేతకాదు. సిరలోనా, ఊపిరితిత్తి గదుల్లోనా, మానుతున్న పుండులోనా, కమిలిన కండలోనా అన్న ఆనవాలు దానిమీద ఉండదు. ఎందుకు జరిగాయో అసలే చెప్పదు. ఈ పరీక్షతో వచ్చే గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. కరోనా రోజుల్లో ఇంటింటికీ తెలిసిపోయిన పేరు కావడంతో, డీ-డైమర్ అంటే ‘గడ్డల పరీక్ష’ అని జనంలో స్థిరపడిపోయింది. నిజానికి అది ఫైబ్రిన్ తెగిన జాడ మాత్రమే.

ఎఫ్‌డీపీ అంటే ఇంకా పెద్ద గంప. ప్లాస్మిన్ తెంచిన ముక్కలన్నిటికీ కలిపి ఆ పేరు. ప్లాస్మిన్ గడ్డలోని ఫైబ్రిన్‌నే కాదు, గడ్డ అన్నదే లేకుండా రక్తంలో తిరుగుతున్న ఫైబ్రినోజన్‌ను కూడా తెంచగలదు. అప్పుడు వచ్చేవి ఒంటరి డీలు, ఒంటరి ఈలు, సగం తెగిన ముక్కలు. వీటిలో కుట్టు ఉండదు కనుక డీ-డైమర్ పరీక్షకు చిక్కవు. ఎఫ్‌డీపీలో మాత్రం లెక్కకొస్తాయి. అంటే డీ-డైమర్‌కున్న ఆ కాస్త ప్రత్యేకత కూడా దీనికి లేదు.

అమ్మగారి ఎఫ్‌డీపీ రిపోర్టులో ‘10 పైన, 40 లోపు’ అని ఉంది చూడండి. యంత్రం ఇచ్చే అంకె అలా ఉండదు. అది లేటెక్స్ పరీక్ష. యాంటీబాడీ పూసిన సన్నటి రేణువులను శాంపిల్‌తో కలిపి, గింజ కడుతుందా లేదా అని కంటితో చూస్తారు. శాంపిల్‌ను అయిదు రెట్లు పలచన చేసినా గింజ కట్టిందంటే 10 మైక్రోగ్రాములు దాటినట్టు. ఇరవై రెట్లు పలచన చేస్తే కట్టలేదంటే 40 లోపు ఉన్నట్టు. పాత పద్ధతి ఇది. దీనిలో యాంటీబాడీ మామూలు ఫైబ్రినోజన్‌ను కూడా పట్టేసుకుంటుంది. అందుకే ముందుగా ప్రత్యేకమైన ట్యూబులో రక్తాన్ని పూర్తిగా గడ్డకట్టించి, ఫైబ్రినోజన్ మొత్తాన్ని తీసేయాలి. ఆ పని సగంలో ఆగితే మిగిలిపోయిన ఫైబ్రినోజనే ఎఫ్‌డీపీగా కనిపిస్తుంది. కీళ్లవాతం ఉన్నవాళ్ల రక్తంలో ఉండే రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా రేణువులను గింజకట్టించి తప్పుదారి పట్టిస్తుంది. డీ-డైమర్ ఎక్కువున్న మనిషిలో ఎఫ్‌డీపీ కూడా ఎక్కువుండటం వింతేమీ కాదు, ఎందుకంటే డీ-డైమర్ కూడా ఆ గంపలోదే. రెండు పరీక్షలూ పాజిటివ్ అంటే రెండు సాక్ష్యాలు దొరికినట్టు కాదు. ఉన్న ఒక్క సాక్షినే రెండుసార్లు పిలిచినట్టు.

ఇప్పుడు న్యుమోనియా సంగతికి వద్దాం. ఊపిరితిత్తిలో గాలి గదులుంటాయి. వాటిలో బ్యాక్టీరియా పడ్డప్పుడు చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని ద్రవం గదుల్లోకి ఊరుతుంది. ఆ ద్రవంతో పాటు ఫైబ్రినోజన్ కూడా వస్తుంది. రోగక్రిములతో పోరాడే మాక్రోఫేజ్, మోనోసైట్ కణాలు తమ ఒంటిమీద టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌ను నిలబెడతాయి. గడ్డకట్టే ప్రక్రియకు మీట నొక్కేది అదే. దాంతో గాలి గదుల్లోనే ఫైబ్రిన్ వల అల్లుకుంటుంది. న్యుమోనియాతో పోయిన మనిషి ఊపిరితిత్తిని మైక్రోస్కోపు కింద చూస్తే, గదుల నిండా గులాబీ రంగు పోగులు చిక్కుపడి కనిపిస్తాయి. అవన్నీ ఫైబ్రినే. రోగి కోలుకునేటప్పుడు ప్లాస్మిన్ ఆ వలను మెల్లగా తెంచుతుంది. ముక్కలు రక్తంలోకి చేరతాయి. ఏ సిరలోనూ ఒక్క గడ్డ లేకపోయినా డీ-డైమర్ పెరుగుతుంది. న్యుమోనియాతో చేరిన రోజు 2400 రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

నెల తర్వాత కూడా ఎందుకుంది అని మీకు అనుమానం రావాలి. వస్తే అది న్యాయమైన ప్రశ్నే. డీ-డైమర్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. సుమారు ఎనిమిది గంటల్లో సగానికి పడిపోతుంది. నెల కిందటి ముక్కలు ఇప్పుడు ఒక్కటీ మిగిలి ఉండవు. 980 డీడీయూ అంటే ఈ వారంలో కూడా ఎక్కడో ఫైబ్రిన్ పుడుతూ, తెగుతూ ఉందని. అరవై దాటినవాళ్లలో ఊపిరితిత్తి పూర్తిగా శుభ్రపడటానికి వారాలు పడుతుంది. జ్వరం తగ్గి, దగ్గు తగ్గి, మనిషి తిరుగుతున్నా ఎక్స్‌రేలో మచ్చ మిగిలే ఉండవచ్చు. ఊపిరితిత్తి పొర కింద కాస్త నీరు ఉన్నా, ఆ నీటిలో ఫైబ్రిన్ పుడుతూ తెగుతూనే ఉంటుంది. ఆమె విషయంలో అన్నిటికన్నా దగ్గరి కారణం ఇదేనని నా అంచనా. అంచనాయే. మనిషిని చూడకుండా ఇంతకంటే చెప్పడం తగదు.

దీనికి వయసు కూడా తోడవుతుంది. ఏ జబ్బూ లేకపోయినా వయసుతోపాటు డీ-డైమర్ మెల్లగా పెరుగుతుంది. అందుకే యాభై దాటినవాళ్లలో ఊపిరితిత్తి గడ్డను అనుమానించినప్పుడు అందరికీ ఒకటే 500 గీత గీయకుండా, వయసును పదితో గుణించి వచ్చినదాన్ని గీతగా వాడవచ్చని 2014లో ఒక పెద్ద యూరప్ పరిశోధన చూపించింది. అమ్మగారికైతే 640 ఎఫ్ఈయూ. డీడీయూలో అయితే అయిదుతో గుణించాలి, 320. ఆ గీత పెట్టినా ఆమెది పైనే ఉంది, కాదనను. కాకపోతే రిపోర్టులో ముద్రించిన పరిమితి పాతికేళ్లవాళ్లకూ ఎనభై ఏళ్లవాళ్లకూ ఒకటే అన్న సంగతి గుర్తుంచుకోండి.

న్యుమోనియా, వయసు కాకుండా ఇంకా ఏమేం పెంచుతాయో జాబితా రాస్తే ఈ పేజీ సరిపోదు. గర్భం, ఆపరేషన్, ఎముక విరగడం, కాలిన గాయాలు, గుండె వైఫల్యం, గుండె లయ తప్పడం, కాలేయ జబ్బు, మూత్రపిండాల జబ్బు, క్యాన్సర్, ఏ కారణంగానైనా ఆసుపత్రిలో పడి ఉండటం. ఇన్నింటిలో పెరిగేదాన్ని చూసి ఒక్కదాని పేరు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

మరి ఇంత దిక్కుమాలిన పరీక్షను డాక్టర్లు ఎందుకు రాస్తారు? గడ్డ ఉందని నిరూపించడానికి కాదు, లేదని తేల్చడానికి. ఊహకు ఒక లెక్క చూద్దాం. కాలు నొప్పి అనో, ఛాతీలో పొడుస్తోందనో వెయ్యిమంది వచ్చారనుకోండి. డాక్టరు పరీక్షించి, గడ్డ ఉండే అవకాశం తక్కువేనని భావించారు. వాళ్లలో 50 మందికి నిజంగా గడ్డ ఉందనుకుందాం. మంచి కిట్ గడ్డ ఉన్న నూటికి 95 మందిని పడుతుందనుకుంటే ఆ 50 మందిలో సుమారు 48 మందికి పాజిటివ్ వస్తుంది, ఇద్దరు తప్పిపోతారు. గడ్డ లేని 950 మందిలో పైన చెప్పిన నానా కారణాల వల్ల సగం మందికి, అంటే 475 మందికి, పాజిటివ్ వస్తుందనుకుందాం. మొత్తం పాజిటివ్‌లు 523. వాటిలో నిజంగా గడ్డ ఉన్నవి 48, నూటికి తొమ్మిది. అటు నెగటివ్ వచ్చినవాళ్లు 477 మంది. వాళ్లలో గడ్డ ఉన్నది ఇద్దరికే, అంటే నూటికి ఒకరు కూడా కాదు. నెగటివ్ వచ్చినవాళ్లను స్కాన్ లేకుండా ఇంటికి పంపవచ్చు. పాజిటివ్ వచ్చినవాళ్ల గురించి ఇంకా ఏమీ తేలనట్టే.

ఇదే లెక్కను ఏ బాధా లేని వెయ్యిమందితో చేయండి. వాళ్లలో గడ్డ ఉన్నది అయిదుగురికే అనుకుంటే, పాజిటివ్ వచ్చిన సుమారు 500 మందిలో నిజమైనవి అయిదు. నూటికి ఒకటి. పరీక్షా అదే, కిట్టూ అదే. ఎవరికి చేశామన్నదాన్ని బట్టి ఫలితం విలువ మారిపోయింది. మీరు అమ్మగారికి ‘ఎందుకైనా మంచిదని’ చేయించినది ఈ రెండో రకం. కొడుకుగా మీ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ లక్షణం లేని మనిషికి ఈ పరీక్ష చేయిస్తే మిగిలేది చాలావరకు బెంగే.

సరైన వరుస ఎలా ఉంటుందో ఆమెతోనే ఊహించి చెబుతాను. రేపెప్పుడైనా ఆమె కుడి పిక్క నొప్పి అన్నారనుకోండి. డాక్టరు ముందు డీ-డైమర్ రాయరు. టేపు తీస్తారు. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బుగా తగులుతుంది కదా, అక్కడినుంచి పది సెంటీమీటర్లు కిందికి కొలిచి, రెండు పిక్కల చుట్టుకొలతా చూస్తారు. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే ఒక పాయింటు. ఆమెకు ఎడమ 34, కుడి 36 ఉందనుకోండి, పాయింటు లేదు. లోపలి సిర వెంట నొక్కితే నొప్పి ఉంటే ఒక పాయింటు. ఈ మధ్యే మూడు రోజులకు మించి మంచం పట్టి ఉంటే ఇంకొకటి. ఇలాంటివే మరికొన్ని. దీన్ని వెల్స్ స్కోరు అంటారు. ఆమెకు నొక్కితే నొప్పి, మంచం పట్టడం కలిపి రెండు వచ్చిందనుకోండి. రెండు అంటే గడ్డ ఉండే అవకాశం ఎక్కువనే లెక్క. అక్కడ డీ-డైమర్ అడ్డం రాకూడదు, నేరుగా డాప్లర్ స్కాన్. అదే పిక్క నొప్పి మెట్లు దిగుతూ కాలు బెణికినప్పుడు మొదలైంది అని తెలిస్తే? గడ్డకు దీటైన వేరే కారణం దొరికినందుకు రెండు పాయింట్లు తీసేస్తారు. సున్నా. అప్పుడు డీ-డైమర్‌కు పని ఉంటుంది. నెగటివ్ వస్తే గడ్డ ఆలోచన మానేయవచ్చు. పాజిటివ్ వస్తే డాప్లర్.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. అమ్మగారి డీ-డైమర్ ఇప్పటికే పైన ఉందని తెలుసు. ఇక కొన్ని వారాలపాటు ఆమె విషయంలో ‘గడ్డ లేదు’ అని తేల్చడం ఈ పరీక్షకు చేతకాదు. కాబట్టి కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి తీసినప్పుడు ఛాతీలో పొడిచినా, దగ్గులో రక్తం పడినా, కళ్లు తిరిగి పడినా మళ్లీ డీ-డైమర్ చేయించి చూద్దాం అనుకోవద్దు. ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లి, నెల కిందట మంచం పట్టిన సంగతి ముందుగా చెప్పండి. ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లకు సుమారు మూడు నెలలపాటు సిరల్లో గడ్డకట్టే ముప్పు మామూలుకన్నా ఎక్కువే. ఆ ముప్పు 980 అనే అంకె వల్ల వచ్చినది కాదు, డీ-డైమర్ మామూలుగా వచ్చినా ఉండేదే.

నెగటివ్‌కూ హద్దులున్నాయి, ఒక్క మాటలో చెబుతాను. లక్షణాలు మొదలై రెండు వారాలు దాటిపోయినా, అప్పటికే గడ్డకట్టకుండా మందులు వాడుతున్నా, గడ్డ పిక్కలో చిన్న సిరకే పరిమితమైనా నిజమైన గడ్డ ఉండి కూడా డీ-డైమర్ మామూలుగా రావచ్చు.

పెరిగిన డీ-డైమర్‌ను చూసి డాక్టర్లు నిజంగా ఉలిక్కిపడే సందర్భాలూ ఉన్నాయి. రక్తమంతా విషక్రిములు పాకినప్పుడు, కాన్పులో మాయ ముందే విడిపోయినప్పుడు, రక్తపింజర కరిచినప్పుడు ఒంట్లో అన్నిచోట్లా ఒకేసారి ఫైబ్రిన్ పుట్టి తెగిపోతుంది. గడ్డకట్టించే సరుకు ఖర్చైపోయి చివరకు రక్తస్రావం మొదలవుతుంది. డీఐసీ అని మీరు వినే ఉంటారు. అక్కడ కూడా డీ-డైమర్ ఒక్కటే తీర్పు చెప్పదు. అంతర్జాతీయ థ్రాంబోసిస్, హీమోస్టాసిస్ సంఘం వాడే స్కోరులో డీ-డైమర్ ఎంత ఆకాశానికి అంటినా మూడు పాయింట్లే. డీఐసీ అనడానికి అయిదు కావాలి. మిగతావి ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే ప్రోథ్రాంబిన్ టైమ్ పెరగడం, ఫైబ్రినోజన్ తగ్గడం నుంచి రావాలి. మీరు పంపిన కాగితాల్లోనే ఉంది, అమ్మగారి ప్లేట్‌లెట్లు 2,60,000, ప్రోథ్రాంబిన్ టైమ్ మామూలు. ఆ దిక్కుకు పోవాల్సిన పని లేదు.

సీటీ స్కాన్ అడిగారు. ఊపిరితిత్తి గడ్డ కోసం చేసే సీటీలో సిర గుండా అయోడిన్ మందు ఎక్కించాలి, రేడియేషన్ ఉంటుంది, మూత్రపిండాలు బలహీనంగా ఉంటే వాటి మీద భారం పడవచ్చు. అవసరమైనప్పుడు ఇవన్నీ లెక్కలోకి రావు. ఆయాసమే లేని మనిషికి ఒక అంకెను చూసి చేస్తే మాత్రం ఇంకో చిక్కు ఉంది. చిట్టచివరి సన్నటి కొమ్మలో ఏదో మసక కనిపిస్తుంది, అది గడ్డో నీడో రేడియాలజిస్టులే ఏకాభిప్రాయానికి రారు, ఆ అనుమానం మీద నెలల తరబడి మందులు నడుస్తాయి. నా మాట అడిగితే ఇప్పుడు వద్దు. దానికి బదులు న్యుమోనియాకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి. నాడి, ఆక్సిజన్ చూస్తారు, పిక్కలు కొలుస్తారు, ఛాతీ వింటారు. ఆమె వయసుకు న్యుమోనియా తగ్గిన ఆరు వారాలకు ఒక ఛాతీ ఎక్స్‌రే ఎలాగూ అవసరమే. మచ్చ పోయిందా, నీరేమైనా మిగిలిందా, దాని వెనక ఇంకేదైనా దాగుందా అన్నవి అందులో తెలుస్తాయి.

క్యాన్సర్ భయానికి కూడా ఆ ఎక్స్‌రేయే జవాబు. కొన్ని క్యాన్సర్లలో డీ-డైమర్ పెరుగుతుందన్నది నిజం. పెరిగిన డీ-డైమర్‌ను పట్టుకుని క్యాన్సర్‌ను వెతకడం మాత్రం ఏ పద్ధతిలోనూ లేదు. బరువు తగ్గడం, ఆకలి చచ్చిపోవడం, ఎక్స్‌రేలో తగ్గని మచ్చ లాంటివి ఉంటే వాటి కోసం పరీక్షలు చేస్తారు.

ఇక బాబాయిగారి మాత్ర. రక్తం పలచబడే మాత్రలని జనం పిలిచేవి రెండు రకాలు. ఆస్పిరిన్ లాంటివి ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తాయి. సిరల్లో గడ్డలకు వాడేవి వేరు, అవి థ్రాంబిన్ పుట్టకుండానో, పనిచేయకుండానో చూస్తాయి. ఈ రెండింటిలో ఏదీ ఉన్న గడ్డను నేరుగా కరిగించదు, కొత్తది పెరగకుండా ఆపుతుంది, కరిగించే పని ఒంట్లోని ప్లాస్మినే చూసుకుంటుంది. రెండో రకం వేస్తే డీ-డైమర్ సాధారణంగా తగ్గుతుంది. థ్రాంబిన్ తగ్గితే ఫైబ్రిన్ తగ్గుతుంది, ముక్కలూ తగ్గుతాయి. అంకె తగ్గింది కదా మందు పనిచేసిందని మీరు సంతోషిస్తారు, ఆమెకు అసలు జబ్బే లేకపోయినా. అరవై నాలుగేళ్ల మనిషికి కడుపులోనో తలలోనో రక్తస్రావమయ్యే ముప్పు మాత్రం నిజంగా పెరుగుతుంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టర్లు అలాంటి మాత్ర రాసి ఉంటే వాళ్లు చెప్పినన్నాళ్లూ వాడండి, మధ్యలో మానొద్దు. రాయకపోతే మొదలుపెట్టొద్దు. మూడోసారి డీ-డైమర్ కూడా వద్దు.